నాయిన రాసిన వీలునామాను బిడ్డకు చిన్నగా రాసిపంపాలంటే: ఏం తగ్గించొచ్చు, ఏది ముట్టుకోవద్దు

2025 ఏప్రిల్‌ల భూభారతి వచ్చినప్పటి నుంచి మన నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట దిక్కు ఇండ్లల్ల పాత కాయితాలు మళ్లీ బయటికి వస్తున్నయ్. నాయిన పేరు మీద ఉన్న భూమి విరాసత్ చేయించాలె, వీలునామా ఉన్నదంట, అండ్ల ఏమున్నదో ఎవ్వరికీ సరిగ్గ తెల్వదు. కొడుకులు ఊర్లనే ఉంటరు, బిడ్డ హైదరాబాద్‌లనో ముంబైలనో ఉంటది, ఫోన్ చేసి "అన్నా అదంతా నాకు సమజ్ కాదు, రెండు ముక్కల్ల రాసి వాట్సాప్ పెట్టు" అంటది. అడగడంల తప్పేం లేదు, ఆరు పేజీల దస్తావేజు భాష చదవడం ఎవరికైనా కష్టమే. ఇబ్బంది ఎక్కడొస్తదంటే ఆ రెండు ముక్కల్లనే ఒక్కోసారి ఆస్తి మారిపోతది. ఎవరూ మోసం చెయ్యకున్నా మారుతది, ఎందుకంటే చిన్నగ రాసేటప్పుడు మనకు అనవసరం అనిపించి తీసేసే మాటలే కాయితానికి ప్రాణం.

వీలునామాను వారసులకు చిన్నగా రాసేటప్పుడు పేరు, వాటా, షరతు ఈ మూడు ఎట్ల చెడిపోతయో ఒక్క కాయితం పట్టుకొని మొత్తం విప్పి చూద్దాం. కాయితం నేను ఊహించి రాసిందే, అండ్ల పేర్లు కూడా ఊరికే పెట్టినవే, కానీ అసొంటి రాతలు మన దిక్కు ఏ ఇంట్ల చూసినా దొరుకుతయ్.

ముందు అసలు వీలునామా అంటే ఎంతవరకు

మనిషి తాను పోయినంక తన ఆస్తి ఎవరికి పోవాలో రాసిపెట్టేది వీలునామా. రాసినాయన బతికున్నంత కాలం దాంతోని ఎవ్వరికీ ఏ హక్కు రాదు, ఆయన ఎప్పుడంటే అప్పుడు రద్దు చేసి కొత్తది రాసుకోవచ్చు. అందుకే తేదీ చాన ముఖ్యం, రెండు వీలునామాలు దొరికి రెండిట్ల ఒకే ఆస్తి గురించి వేరేవేరుగ ఉంటే తర్వాతి తేదీదే చూస్తరు. 1925 భారత వారసత్వ చట్టం సెక్షన్ 63 ప్రకారం రాసినాయన సంతకమో వేలిముద్రో పెట్టాలె, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలె. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల 3వ పుస్తకంల ఎక్కుతది (అమ్మకం దస్తావేజులు 1వ పుస్తకంల ఎక్కుతయ్). రాసినాయన పోయినంక ఎవరైనా దరఖాస్తు పెట్టి దాని నకలు తీసుకోవచ్చు, బతికున్నప్పుడైతే ఆయనకో ఆయన ఏజెంటుకో మాత్రమే ఇస్తరు.

సారాంశం అంటే ఆ కాయితం ఏం చెప్తుందో మామూలు మాటల్ల చెప్పే పేజీ. దానికి చట్టంల ఏ విలువా లేదు, కోర్టుల అసలే చెల్లదు. కానీ బిడ్డ నిర్ణయం తీసుకునేది మాత్రం ఆ పేజీ చూసే. సంతకం పెట్టాల్నా వద్దా, తహసీల్దార్ దగ్గరికి రావాల్నా, అన్నను డబ్బులు అడగొచ్చా, ఇవన్నీ దాని మీదనే ఆధారపడతయ్.

మన కాయితంల ఏమున్నది

మల్లయ్య అనే ఆయన వీలునామా. భార్య లక్ష్మమ్మ, పెద్దకొడుకు వెంకటయ్య, చిన్నకొడుకు వెంకటేశ్వర్లు, బిడ్డ సుజాత. ఆస్తి అంతా ఆయన స్వార్జితం. ముఖ్యమైన పేరాలు ఇట్ల ఉన్నయ్ అనుకోండి:

"1. నా ఇల్లు నా తదనంతరం నా భార్య లక్ష్మమ్మ తన యావజ్జీవం అనుభవించగలదు. సదరు ఇంటిని అమ్ముటకు గానీ కుదువ పెట్టుటకు గానీ ఆమెకు హక్కు లేదు. ఆమె తదనంతరం సదరు ఇల్లు నా రెండవ కుమారుడు వెంకటేశ్వర్లుకు సర్వహక్కులతో చెందగలదు.

2. సర్వే నంబరు 214/ఆ లోని 3-20 బత్తాయి తోటలో పడమటి సగభాగం పెద్ద కుమారుడు వెంకటయ్యకు, తూర్పు సగభాగం వెంకటేశ్వర్లుకు చెందగలదు. పడమటి భాగంలోని బోరు నీళ్లు ఇరువురు దినం విడిచి దినం వాడుకొనవలెను.

3. సర్వే నంబరు 215 లోని 1-10 ఖుష్కి భూమి నా కూతురు సుజాతకు సర్వహక్కులతో చెందగలదు. వెంకటయ్య నా తదనంతరం రెండు సంవత్సరముల లోపల సుజాతకు 2,00,000 రూపాయలు చెల్లించవలెను. చెల్లించనంత వరకు సదరు మొత్తం వెంకటయ్య భాగముపై బాధ్యతగా ఉండును.

4. ఇందులో చెప్పని నా ఇతర ఆస్తి యావత్తు నా భార్య లక్ష్మమ్మకు చెందగలదు."

కింద షెడ్యూల్‌ల తోట సర్వే నంబరు 214/అ అని టైపు అయ్యింది. పైన ఆ, కింద అ. ఇది గుర్తుంచుకోండి, మళ్ల దీని దగ్గరికి వస్తం.

ఇప్పుడు ఇంట్ల ఎవరో ఒకరు మంచి మనసుతోనే ఇట్ల రాసి పంపిండ్రు అనుకుందాం: "ఇల్లు అమ్మకు, అమ్మ తర్వాత వెంకట్‌కు. తోట అన్నదమ్ములకు చెరిసగం, 1.60 చొప్పున. సుజాతకు పక్క చేను, 2 లక్షలు."

చదవడానికి బాగున్నది, అబద్ధం కూడా ఏం కనిపించదు. కానీ వాక్యం వాక్యంల ఏదో ఒకటి పోయింది.

వెంకట్ అంటే ఎవరు

ఈ ఇంట్ల వెంకటయ్య ఉన్నడు, వెంకటేశ్వర్లు ఉన్నడు. ఇద్దరినీ వెంకట్ అనే పిలుస్తరు. ఇల్లు ఎవరికి పోయినట్టు? ఇంట్లోళ్లకు ఇయ్యాల తెలుస్తది, ఇరవై ఏండ్లకు పిల్లలు ఆ మెసేజ్ చూస్తే తెల్వదు. కాబట్టి పేరు కాయితంల ఎట్ల ఉంటే అట్లనే, పక్కన కాయితం చెప్పిన చుట్టరికంతో సహా రాయాలె: "రెండవ కుమారుడు వెంకటేశ్వర్లు". చిన్నోడు, తమ్ముడు, మామ, పెదనాయిన లాంటి మాటలు రాసేవాళ్ల చుట్టరికాన్ని బట్టి మారుతయ్, సుజాతకు "తమ్ముడు" అయినాయన ఆమె కొడుక్కు "మామ", ఇట్ల చేతులు మారినా కొద్దీ అర్థం జారిపోతది.

ఇంకో సంగతి, కాయితంల పేరు తప్పు పడితే దాన్ని మనం సరిచేసి రాయొద్దు. ఆధార్‌ల సుజాత అని ఉంటది, వీలునామాల సుజాతమ్మ అని ఉండొచ్చు, ఇంటిపేరు పెండ్లికి ముందుది ఉండొచ్చు. పేరు తప్పు పడ్డంత మాత్రాన ఆస్తి పోదు, ఎవరి గురించి రాసిండ్రో తేలితే చాలు అని అదే చట్టం సెక్షన్ 76ల ఉన్నది. కానీ ఆ తేల్చే పని ఆఫీసుదో కోర్టుదో. సారాంశంల "కాయితంల సుజాతమ్మ అని ఉన్నది, ఆధార్‌ల సుజాత" అని రెండూ రాస్తే బిడ్డకు ముందే తెలుస్తది, ఇద్దరూ ఒక్కరే అని రుజువు చూపించాల్సి వస్తదని. మనమే సరిచేస్తే ఆమెకు ఆ సంగతి ఆఫీసు కిటికీ దగ్గరనే తెలుస్తది.

అట్లనే చనిపోయినోళ్ల పేరు కూడా కొట్టెయ్యొద్దు. తండ్రి కంటే ముందే వెంకటయ్య పోయిండు అనుకోండి, చాన మంది "ఆయన లేడు కదా, ఆయన వాటా మిగిలినోళ్లది" అని రాసేస్తరు. మామూలుగా అయితే వీలునామా రాసినాయన కంటే ముందు పోయినోళ్లకు రాసింది చెల్లదు, నిజమే. కానీ పోయింది సొంత కొడుకో బిడ్డో అయ్యి వాళ్లకు పిల్లలు బతికి ఉంటే, వీలునామాల వేరేగ చెప్పకుంటే, ఆ వాటా పోదు అని సెక్షన్ 109 చెప్తది. అంటే కొట్టేసిన ఆ ఒక్క పేరుతోని వెంకటయ్య పిల్లల వాటా కనపడకుండ పోతది.

3-20 ల సగం 1.60 కాదు

ఇది మన తెలంగాణల చాన మందికి జరిగే పొరపాటు. పాస్‌బుక్కుల, పహాణీల 3-20 అనో 3.20 అనో రాస్తరు, అంటే 3 ఎకరాల 20 గుంటలు. చుక్క చూసి కాలిక్యులేటర్ల కొడితే సగం 1.60 అని వస్తది. 60 గుంటలు అనేది ఎకరంల ఉండనే ఉండదు, ఎకరానికి 40 గుంటలే. సరైన లెక్క ఏందంటే 3 ఎకరాలు అంటే 120 గుంటలు, ఇంకో 20 కలిపితే 140, సగం 70 గుంటలు, అంటే 1 ఎకరం 30 గుంటలు. 1.60ని ఎవరైనా "ఎకరం అరవై సెంట్లు" అని చదువుకుంటే అది 64 గుంటలు అయితది, ఒక్కొక్కరికి 6 గుంటలు తక్కువ. గుంటకు 121 గజాలు కాబట్టి 726 గజాలు తక్కువ పడ్డట్టు, రోడ్డు పక్క భూమి అయితే దీని మీదనే అన్నదమ్ములు మాట్లాడుకోవడం బంద్ అయితది.

అయితే అసలు గమనించాల్సింది ఇంకోటి ఉన్నది. వీలునామాల 1-30 అని ఎక్కడా లేదు, "పడమటి సగభాగం" అని ఉన్నది. రేపు సర్వే చేస్తే తోట 3-20 కాకుండ 3-14 వచ్చింది అనుకోండి, సగం అంటే 1-27 చొప్పున ఇద్దరికీ సమానంగ తగ్గుతది. అదే సారాంశంల "వెంకటయ్యకు 1-30" అని రాసి ఉంటే, ఆయన 1-30 నాది అంటడు, తమ్ముడికి 1-24 మిగులుతది. కాబట్టి కాయితం సగం అంటే సగం అనే రాయాలె, మూడో వంతు అంటే మూడో వంతు అనే రాయాలె, గుంటల లెక్క చేసి ఇవ్వాలనుకుంటే పక్కన "ఇది మా లెక్క, కాయితంల లేదు" అని వేరేగ పెట్టాలె. అట్లనే పడమర, తూర్పు అనే మాటలు తీసేసి "చెరిసగం" అన్నా మారిపోతది, ఎందుకంటే బోరు పడమటి సగంలనే ఉన్నది.

ఇగ సర్వే నంబరు. మన దగ్గర బై నంబర్లు అ, ఆ, ఇ, ఈ అని ఉంటయ్, ఒక్క దీర్ఘం మారితే వేరే రైతు భూమి అయితది. ఆన్‌లైన్‌ల ఇంగ్లీష్ పెట్టుకొని చూస్తే ఆ అనేది `AA` అని, ఇ అనేది `E` అని, ఈ అనేది `EE` అని కనిపిస్తది. తెలుగు రాని పిల్లలకు ఇంగ్లీష్‌ల సారాంశం రాసేటప్పుడు 214/ఆ ను `214/A` అని రాస్తే అది 214/అ అయిపోతది. మన కాయితంల ఈ తప్పు ముందే ఉన్నది, పేరాల ఆ, షెడ్యూల్‌ల అ. అప్పుడు ఏది కరెక్టో మనకు ఊర్ల తెలిసినా సరే సారాంశంల రెండూ రాయాలె, "2వ పేరాల 214/ఆ, షెడ్యూల్‌ల 214/అ, హద్దులు మాత్రం ఇవి" అని. విస్తీర్ణం, హద్దులు, బత్తాయి తోట అనే వర్ణన ఇవన్నీ కలిపి చూసి ఏ భూమో తేలుస్తరు, కాబట్టి నాలుగు దిక్కుల హద్దులు కూడా తీసెయ్యడానికి లేదు.

"చెల్లించవలెను" కు, "చెల్లించిన మీదట" కు ఎంత దూరం

మెసేజ్‌ల "సుజాతకు 2 లక్షలు" అని ఉన్నది. ఎవరు ఇయ్యాలె? ఎప్పటి లోపల? ఇయ్యకుంటే ఏమైతది? మూడూ పోయినయ్. కాయితం ప్రకారం ఇచ్చేది వెంకటయ్య ఒక్కడే, వెంకటేశ్వర్లుకు సంబంధం లేదు. గడువు తండ్రి పోయిన రోజు నుంచి రెండేండ్లు, వీలునామా రాసిన రోజు నుంచి కాదు. ఇయ్యనంత వరకు ఆ బాకీ వెంకటయ్య తోట భాగం మీద ఉంటది, అంటే ఆ భాగాన్ని ఎవరైనా కొనేటప్పుడు సుజాత ఈ పేరా చూపించి నా పైసలు దాని మీద ఉన్నయ్ అనొచ్చు. ఆ మాట తెల్వకుంటే ఆమె అన్నను బతిమాలుకుంట కూర్చుంటది.

ఇండ్ల ఇంకో సూక్ష్మం ఉన్నది. ఈ కాయితంల "చెల్లించవలెను" అని ఉన్నది, అంటే వెంకటయ్యకు తోట భాగం తండ్రి పోంగనే వస్తది, దాంతోపాటు అప్పు కూడా వస్తది. అదే "సుజాతకు చెల్లించిన మీదటనే వెంకటయ్యకు చెందగలదు" అని ఉంటే పైసలు ఇచ్చేదాకా భూమి ఆయనది కాదు. మామూలు మాటల్ల రాసేటప్పుడు రెండూ "అన్న 2 లక్షలు ఇచ్చి భూమి తీసుకోవాలె" అనే వాక్యంలకు వచ్చి పడతయ్, అక్కడనే చెడిపోతది. నా అభిప్రాయం ఏందంటే షరతు ఉన్న వాక్యాన్ని అసలు సొంత మాటల్లకు మార్చొద్దు, ఉన్నదున్నట్టు దించి కింద వివరణ రాయాలె. పేజీ కొంచెం పెద్దగ అయితే అయితది.

బోరు నీళ్ల వాక్యం కూడా షరతే. అది లేకుండ తూర్పు సగం వచ్చిన వెంకటేశ్వర్లుకు బత్తాయి చెట్లు ఉంటయ్, నీళ్లు ఉండవు. బోరు ఎండిపోతే కొత్తది ఎవరు వెయ్యాలె, కరెంటు మోటర్ రిపేరు ఖర్చు ఎవరిది, కాయితంల లేదు. లేదు కాబట్టి "ఖర్చు చెరిసగం" అని మనం నింపొద్దు, "దీని గురించి ఏమీ రాయలేదు" అని రాయాలె.

"ఇల్లు అమ్మకు" అనే మాట మీద రెండు వాదనలు

1వ పేరాల అమ్మకు ఇచ్చింది ఉండే హక్కు, బతికినంత కాలం. అమ్మే హక్కు, కుదువ పెట్టే హక్కు లేదని గట్టిగ రాసిండు. మెసేజ్ చదివినోళ్లు మాత్రం ఇల్లు అమ్మదే అనుకుంటరు, రేపు అమ్మ సుజాత పేరు మీద రాసిస్తే అందరూ సంతకం పెట్టేస్తరు, తర్వాత వెంకటేశ్వర్లు కోర్టుకు పోతడు.

అట్లని "అమ్మకు ఏ హక్కూ లేదు" అని రాసినా సరికాదు. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14 మీద చానేండ్ల నుంచి పంచాయితీ నడుస్తనే ఉన్నది. 14(1) ఏమంటదంటే హిందూ స్త్రీ చేతిల ఉన్న ఆస్తి ఆమెకు పూర్తి హక్కుతోనే ఉంటది. 14(2) ఏమంటదంటే వీలునామాతోనో దానంతోనో పరిమితి పెట్టి ఇస్తే ఆ పరిమితి అట్లనే ఉంటది. 1977ల తులసమ్మ కేసుల, అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి పోయిన కేసే, సుప్రీంకోర్టు ఏమన్నదంటే భార్యకు పోషణ హక్కు ముందు నుంచే ఉన్నది, దానికి బదులుగ ఇచ్చిన ఆస్తి అయితే పరిమితి రాసినా సరే అది పూర్తి హక్కుగ మారుతది. అమ్మ దిక్కు మాట్లాడేటోళ్లు దీన్నే పట్టుకుంటరు, నలభై ఏండ్లు సంసారం చేసిన మనిషికి నీడ ఇచ్చుడు పోషణ కాకుంటే ఏందని అడుగుతరు. అండ్ల న్యాయం ఉన్నది. అవతల దిక్కు వాళ్లు, ఆస్తి మల్లయ్య సొంతం, ఎవరికి ఎంత ఇయ్యాలో చెప్పే హక్కు ఆయనది, పోషణకు బదులు ఇస్తున్న అని ఎక్కడా రాయలేదు, ఇది కొత్తగ ఇచ్చిన హక్కు కాబట్టి 14(2) కిందికే వస్తది అంటరు. ఇట్ల 14(2) దిక్కు చెప్పిన సుప్రీంకోర్టు తీర్పులు కూడా ఉన్నయ్. తీర్పులు ఒకదానికొకటి పొసగట్లేదని 2024 డిసెంబర్‌ల ఇద్దరు జడ్జీల బెంచ్ దీన్ని పెద్ద బెంచ్‌కు పంపింది.

సారాంశం రాసేటోళ్లు ఈ పంచాయితీ తేల్చొద్దు. కాయితం ఏం చెప్పిందో రాసి, కింద ఒక్క లైను "ఈ పరిమితి నిలుస్తదా లేదా అనేది లాయర్‌ను అడగాలె" అని పెట్టాలె.

ఇదే పేరాల ఇంకో ప్రమాదం ఉన్నది. "అమ్మ తర్వాత, అప్పటికి వెంకటేశ్వర్లు బతికి ఉంటే ఆయనకు" అని కొందరు అలవాటుగ కలుపుతరు. కాయితంల ఆ మాట లేదు. లేనప్పుడు మామూలుగా వెంకటేశ్వర్లుకు హక్కు తండ్రి పోయిన రోజే వచ్చేస్తది, స్వాధీనం మాత్రమే అమ్మ తర్వాత. ఆయన అమ్మ కంటే ముందు పోతే ఇల్లు ఆయన భార్యాపిల్లలకు, ఇంకా ఆయన వారసులు ఎవరుంటే వాళ్లకు పోతది. "బతికి ఉంటే" అని కలిపితే వాళ్లను బయట నిలబెట్టినట్టే.

అమ్మకం దస్తావేజు అయితే తేడా ఎక్కడ

ఎక్కువ భాగం ఇవే జాగ్రత్తలు, రెండు దగ్గర్ల మాత్రం వేరే. ఒకటి, నాయిన, చిన్నాయిన కలిసి ఒకే దస్తావేజు మీద భూమి కొని ఎవరికెంతో రాసుకోకుంటే, వారసులు దాన్ని "సగం సగం" అని చెప్పుకుంటరు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 45 ప్రకారం ఎవరెంత పైసలు పెట్టిండ్రో దాన్ని బట్టి వాటా, రుజువు లేకుంటేనే సమానం అనుకుంటరు. అందుకే "వాటాలు దస్తావేజుల రాయలేదు" అనే రాయాలె. రెండోది, ఒకే కాయితంల రెండు పేరాలు అసలే పొసగకుంటే వీలునామాల చివరి పేరా నిలుస్తదని భారత వారసత్వ చట్టం సెక్షన్ 88 చెప్తది, దస్తావేజులల్ల మాత్రం కోర్టులు మామూలుగ ముందు పేరాను నిలబెడతయ్. పొసగని పేరాలు కనిపిస్తే అవి ఏ వరుసల ఉన్నయో కూడా సారాంశంల పోకూడదు, పేరా నంబర్లు ఉంచాలనేది అందుకే.

మొత్తం కాయితం పంపితే సరిపోదా

చాన మంది లాయర్లు అదే అంటరు, సారాంశాలు వద్దు, నకలు తీసి ఇయ్యండి, చదువుకుంటరు అని. వాళ్ల భయం నిజమైనదే, సారాంశం చదివినోళ్లు అసలుది తెరవరు. కానీ నకలు పంపినా సుజాత లాంటోళ్లు చదవలేకనే ఫోన్ చేస్తున్నరు, చదవలేని కాయితం చేతిల ఉన్నా ఆమె అన్న చెప్పిందే నమ్మాలె కదా. నాకైతే నకలు, సారాంశం రెండూ కలిపి పోవాలె అనిపిస్తది, ప్రతి వాక్యం పక్కన పేరా నంబరుతో. సుజాతకు ఇట్ల పంపొచ్చు:

"మల్లయ్య వీలునామా. తేదీ, రిజిస్టర్ నంబరు మొదటి పేజీ ఫొటోల ఉన్నయ్.

పేరా 1: ఇల్లు. భార్య లక్ష్మమ్మ 'తన యావజ్జీవం అనుభవించగలదు'. అమ్మడానికి, కుదువకు హక్కు లేదని ఉన్నది. ఆమె తర్వాత రెండవ కుమారుడు వెంకటేశ్వర్లుకు సర్వహక్కులతో. పరిమితి నిలుస్తదా అనేది లాయర్‌ను అడగాలె.

పేరా 2: బత్తాయి తోట 3 ఎకరాల 20 గుంటలు. పడమటి సగభాగం పెద్ద కుమారుడు వెంకటయ్యకు, తూర్పు సగభాగం వెంకటేశ్వర్లుకు. పడమటి భాగంల బోరు నీళ్లు ఇద్దరికీ దినం విడిచి దినం. బోరు ఖర్చు గురించి రాయలేదు. సర్వే నంబరు ఇక్కడ 214/ఆ, షెడ్యూల్‌ల 214/అ. హద్దులు షెడ్యూల్ ఫొటోల చూడు. (మా లెక్క: 3-20 ల సగం 1 ఎకరం 30 గుంటలు.)

పేరా 3: సర్వే నంబరు 215 ల 1 ఎకరం 10 గుంటలు ఖుష్కి, కూతురు సుజాతకు సర్వహక్కులతో. 'వెంకటయ్య నా తదనంతరం రెండు సంవత్సరముల లోపల సుజాతకు 2,00,000 రూపాయలు చెల్లించవలెను. చెల్లించనంత వరకు సదరు మొత్తం వెంకటయ్య భాగముపై బాధ్యతగా ఉండును.' ఆ పొలంలకు బాట గురించి రాయలేదు.

పేరా 4: ఇందులో చెప్పని ఇతర ఆస్తి అంతా భార్య లక్ష్మమ్మకు. ఏవేవి అనేది రాయలేదు."

4వ పేరాను మొదటి మెసేజ్ అసలు పట్టించుకోనే లేదు చూసిండ్రా, చిన్న వాక్యం కదా అని. బ్యాంకుల డిపాజిట్, బర్రెలు, వీలునామా రాసినంక కొన్న ప్లాటు, మల్లయ్య చేతి బదులు ఇచ్చిన పైసలు, ఇవన్నీ ఆ పేరా కిందికే వస్తయ్, అవి లక్ష్మమ్మకు ఏ పరిమితీ లేకుండ వస్తయ్. తోట గురించి, ఇల్లు గురించి కొట్లాడుకునే ఇంట్ల ఆ తల్లి చేతిల స్వతంత్రంగ ఉండేది అదొక్కటే కావచ్చు, రాసి పంపేటోళ్లు దాన్ని కూడా అదే పేజీల పెట్టాలె.